వెల్లుల్లి, ఉసిరి, కరివేపాకు, పసుపు: కొలెస్ట్రాల్‌కి ఏది పనిచేస్తుందో పన్నెండు వారాల్లో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

పర్లాకిమిడిలో మా పిన్ని చేతికి రక్తపరీక్ష రిపోర్టు వచ్చిన సాయంత్రానికే ఆవిడకు నాలుగు వైద్యాలు అందాయి. ఎదురింటి ఒడియా ఆవిడ పరగడుపున రెండు రసుణ రెబ్బలు మింగమంది. రసుణ అంటే మన వెల్లుల్లే. పాతపట్నం నుంచి వచ్చిన ఆడపడుచు ఉసిరి రసం తాగమంది. పాలు పోసే ఆయన కరివేపాకు పది ఆకులు నమలమన్నాడు. గుడిలో కలిసిన ఒకావిడ కంధమాల్ పసుపు పాలల్లో కలుపుకోమంది. రాత్రి పిన్ని నాకు ఫోన్ చేసి, "ఒరే, ఏది చెయ్యమంటావు? నాలుగూ చేసేస్తే పోతుంది కదా?" అని అడిగింది.

నేను బరంపురంలో ల్యాబ్ టెక్నీషియన్ని. రోజూ రక్తం తీస్తాను, రోజూ ఈ అంకెలు చూస్తాను. నాలుగూ కలిపి చేస్తే ఏది పనిచేసిందో, అసలు ఏదైనా పనిచేసిందో జన్మలో తెలియదు. అందుకే పిన్నితో ఒక్కటే ఎంచుకోమని, పన్నెండు వారాలు పద్ధతిగా చేయమని, ముందూ వెనకా పరీక్ష చేయించమని చెప్పాను. మీరూ అలా చేయాలనుకుంటే ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. పిన్నికి వచ్చిన అంకెలు కూడా ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను.

ఈ ప్రయోగం ఎవరు చేయకూడదు

అన్నిటికంటే ముందు ఇది చదవండి. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, నలభై దాటిన షుగర్ రోగులు, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 190 లేదా ఆ పైన ఉన్నవాళ్లు పన్నెండు వారాలు వంటింటి వైద్యంతో గడపకూడదు. వీళ్లకు మొదటి రోజు నుంచే మందు కావాలి. ఇప్పటికే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్ల వేసుకుంటున్నవాళ్లు వెల్లుల్లి కోసం దాన్ని ఆపకూడదు. బిళ్ల మానేసిన కొన్ని వారాల్లోనే ఎల్‌డీఎల్ పాత చోటికి వచ్చేస్తుంది. అలా తిరిగి వచ్చిన రిపోర్టులు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఇంకొకటి ఉంది. ఉద్దానం మనకు పక్కనే. ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు బంధువులు లేని తెలుగు ఇల్లు గంజాం, గజపతి జిల్లాల్లో అరుదు. ఆ వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీకు తెలుసు. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు గ్లాసుల కొద్దీ ఉసిరి రసం తాగడం, పసుపు క్యాప్సూల్స్ మింగడం మంచిది కాదు. ఎక్కువ మోతాదులో విటమిన్ సి శరీరంలో ఆక్సలేట్‌గా మారుతుంది, పసుపులో ఆక్సలేట్ ముందే ఉంటుంది. కిడ్నీలో రాళ్లు కట్టేది ఎక్కువగా ఆక్సలేట్‌తోనే. అందుకని మొదలుపెట్టే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకసారి చూపించుకోండి.

దాంతోపాటు థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష కూడా చేయించండి. థైరాయిడ్ మందగిస్తే కొలెస్ట్రాల్ దానంతట అదే పెరుగుతుంది. ఆ వైద్యం జరిగితే చాలామందికి కొలెస్ట్రాల్ కూడా దిగుతుంది. థైరాయిడ్ లోపం ఉన్న మనిషి ఏడాదిపాటు వెల్లుల్లి నములుతూ కూర్చుంటే ఆ ఏడాది వృథా అయినట్టే.

మా పిన్నికి యాభై నాలుగేళ్లు. షుగర్ లేదు, బీపీ లేదు, గుండె జబ్బు లేదు. టీఎస్‌హెచ్, క్రియాటినిన్ రెండూ సరిగానే ఉన్నాయి. నెలసరి ఆగి మూడేళ్లయింది. ఆ వయసులో ఆడవాళ్లకు ఎల్‌డీఎల్ పెరగడం మామూలే. డాక్టరు గారు రిపోర్టు చూసి, మూడు నెలలు తిండి సరిచేసుకుని రండి, అప్పుడు బిళ్ల సంగతి చూద్దాం అన్నారు. అలా గడువు దొరికింది కాబట్టే నేను ఈ ప్రయోగానికి ఒప్పుకున్నాను.

నాలుగింట్లో దేన్ని ఎంచుకోవాలి

వంటింట్లో నాలుగూ ఒకే అరలో ఉండొచ్చు. అధ్యయనాల ముందు మాత్రం నాలుగూ ఒక్కటి కావు.

ముందు కరివేపాకు సంగతి చూద్దాం, అది తొందరగా తేలిపోతుంది. ఒడియాలో భృసంగ పత్ర అనే ఈ ఆకు ఎలుకల్లో కొలెస్ట్రాల్ తగ్గించిందని చాలా చోట్ల రాశారు. అది నిజమే. కానీ మనుషుల మీద జరిగిన పని బాగా తక్కువ. 1990లో షుగర్ ఉన్న ముప్పై మందికి నెలరోజులు కరివేపాకు పొడి ఇచ్చి చూశారు. షుగరు కొంతకాలం తగ్గింది, కొలెస్ట్రాల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కాబట్టి కరివేపాకు కారప్పొడి ఇష్టంగా తినండి, పులుసులో ఆకు పక్కన పెట్టకుండా నమలండి. ఎల్‌డీఎల్ కోసం మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

పసుపు కథ వేరు. ఇక్కడ మోతాదే అడ్డం. పసుపులో పనిచేసే పదార్థం కుర్కుమిన్. మామూలు పసుపు పొడిలో అది బరువులో మూడు శాతం దాకా ఉంటుంది. ఒక చెంచా పసుపు మూడు గ్రాములు అనుకుంటే అందులో కుర్కుమిన్ 90 మిల్లీగ్రాములు. కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గిందని చెప్పిన అధ్యయనాల్లో వాడినవి ఎక్కువగా వందల మిల్లీగ్రాముల నుంచి గ్రాము దాకా కుర్కుమిన్ ఉన్న క్యాప్సూల్స్. గ్రాము కుర్కుమిన్ కావాలంటే పదకొండు చెంచాల పసుపు తినాలి. పాలల్లో అరచెంచా వేసుకుంటే అందులో ఇరవయ్యో వంతు కూడా రాదు. పైగా కుర్కుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. మిరియాల్లోని పైపెరిన్ కలిపి ఇస్తే అది ఇరవై రెట్లు ఎక్కువగా ఎక్కిందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు చూపించారు. ఈ మాట పట్టుకునే పసుపు, మిరియాల సారం కలిపిన క్యాప్సూల్స్ బజారులోకి వచ్చాయి. ఎక్కువగా రక్తంలోకి చేరినప్పుడు కొద్దిమందికి కాలేయం దెబ్బతింటోందని అమెరికా, ఇటలీ వైద్యులు నమోదు చేశారు. అలాంటి క్యాప్సూల్ వేసుకుంటున్నవాళ్లకు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చిపోయినా వెంటనే ఆపి లివర్ పరీక్ష చేయించుకోవాలి. కూరలో వేసే పసుపుతో ఈ భయం లేదు. కంధమాల్ పసుపుకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచి పసుపు, వంటకి తెచ్చుకోండి. కొలెస్ట్రాల్ ప్రయోగానికి మాత్రం అది పనికిరాదు.

ఉసిరికి కొంచెం ఆశ ఉంది. 1988లో మన దేశంలోనే ముప్పై ఐదు నుంచి యాభై ఐదేళ్ల మగవాళ్లకు ఇరవై ఎనిమిది రోజులు పచ్చి ఉసిరి ఇచ్చి చూశారు. కొలెస్ట్రాల్ తగ్గింది. ఆపేసిన రెండు వారాలకు, ఎక్కువ కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లలో అది దాదాపు మొదటి చోటికే వచ్చింది. నాకు ఆ అధ్యయనంలో నచ్చింది ఈ రెండో ముక్కే. తింటే దిగి, ఆపితే ఎక్కిందంటే అది ఉసిరి పనే కావచ్చన్న నమ్మకం కలుగుతుంది. తినడం ఆపితే లాభమూ ఆగిపోతుందని కూడా దాన్నిబట్టే తెలుస్తుంది. 2012లో ఉసిరి క్యాప్సూల్‌ని సింవాస్టాటిన్ బిళ్లతో పోల్చి 42 రోజులు చూశారు. రెండూ తగ్గించాయి, బిళ్ల ఎక్కువ తగ్గించింది. 2019లో ఉసిరి సారం 500 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, పన్నెండు వారాలు, 98 మందికి ఇచ్చిన అధ్యయనంలోనూ ఎల్‌డీఎల్ దిగింది. ఇవన్నీ చిన్న అధ్యయనాలు, ఎక్కువ భాగం సారాలతో చేసినవి. అయినా దిశ ఒకటే చూపిస్తున్నాయి.

వెల్లుల్లి మీద జరిగినంత పరిశోధన మిగతా మూడింటి మీద జరగలేదు. దాని ఫలితాలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి, అందుకే దీన్ని నిదానంగా చూడాలి. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఎల్‌డీఎల్ 130 నుంచి 190 మధ్య ఉన్న 192 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి పచ్చి వెల్లుల్లి, రెండు గుంపులకు రెండు రకాల వెల్లుల్లి మాత్రలు, ఒక గుంపుకి ఉత్తుత్తి మాత్రలు. రోజుకి సుమారు నాలుగు గ్రాముల రెబ్బకి సమానంగా, వారానికి ఆరు రోజులు, ఆరు నెలలు. ఎల్‌డీఎల్ ఏ గుంపులోనూ చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. తర్వాత 2013లో 39 అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే, మొత్తం కొలెస్ట్రాల్ 200 దాటినవాళ్లు రెండు నెలలకు పైగా వాడినప్పుడు డెసిలీటరు రక్తానికి మొత్తం కొలెస్ట్రాల్ సగటున 17, ఎల్‌డీఎల్ 9 మిల్లీగ్రాములు దిగాయని తేలింది. 2022లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు వెల్లుల్లి మాత్ర, పసుపు మాత్ర, ఇంకొన్ని ఇలాంటివి పెట్టి, పక్కన రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాముల బిళ్ల పెట్టి నెలరోజులు చూశారు. బిళ్ల ఎల్‌డీఎల్‌ని 38 శాతం దించింది. మిగతా వాటిలో ఏ ఒక్కటీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా చేయలేదు. వెల్లుల్లి గుంపులో ఎల్‌డీఎల్ కాస్త పెరిగింది కూడా.

ఇంత చూశాక నేను అనుకునేది ఇది. వెల్లుల్లికి ప్రభావం ఉంటే అది చిన్నది, సుమారు పది మిల్లీగ్రాములు. క్లీవ్‌లాండ్ పరీక్ష ఒక్క నెలే జరిగింది, అదీ మాత్రలతో. కాబట్టి ఆశ పూర్తిగా పోలేదు. నేను పిన్నిని ఉసిరి వైపే తిప్పుదామని చూశాను. అప్పుడు వైశాఖం, చెట్ల మీద కాయ లేదు. ఇంట్లో ఏడాది పొడుగునా ఉండేది వెల్లుల్లి. పైగా ఎదురింటావిడ మాట పిన్నికి గురి. సరే, వెల్లుల్లే అనుకున్నాం.

మొదటి లెక్క రెండుసార్లు తీసుకోండి

చాలామంది ఒక రిపోర్టు పట్టుకుని మొదలుపెట్టి, మూడు నెలలకి ఇంకో రిపోర్టు తీసుకుని, తేడా అంతా ఆకు పసరుదే అంటారు. నా అనుభవంలో పెద్ద పొరపాటు జరిగేది ఇక్కడే. ఏ మందూ మార్చకుండా, ఏ తిండీ మార్చకుండా ఒకే మనిషి రక్తం రెండు వారాల తేడాతో తీసినా ఎల్‌డీఎల్ పది శాతం దాకా అటూ ఇటూ అవుతుంది. రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, ఇంకా ఎక్కువ ఊగుతాయి. పైగా మనం పరీక్ష చేయించుకుని భయపడేది అంకె బాగా ఎక్కువ వచ్చిన రోజున. ఆ తర్వాత ఏమీ చేయకపోయినా రెండోసారి కొంచెం తక్కువ వచ్చే అవకాశమే ఎక్కువ.

అందుకని మొదలుపెట్టే ముందు రెండు వారాల తేడాతో రెండు పరీక్షలు చేయించి సగటు తీసుకోండి. రెండూ ఒకే ల్యాబులో, ఉదయం ఒకే వేళకు చేయించండి. మన పోలిక కోసం రెండుసార్లూ పది పన్నెండు గంటలు ఏమీ తినకుండా వెళ్లండి, నీళ్లు తాగొచ్చు. జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గిన రెండు మూడు వారాల లోపు పరీక్ష వద్దు. జబ్బు చేసినప్పుడు కొలెస్ట్రాల్ దొంగతనంగా తగ్గి కనిపిస్తుంది. ల్యాబుకి వెళ్లాక పది నిమిషాలు కుర్చీలో కూర్చున్నాకే రక్తం ఇవ్వండి. ఒకసారి పడుకుని, ఒకసారి కూర్చుని ఇచ్చినా అంకె మారుతుంది. చేతికి రబ్బరు పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచినా పెరుగుతుంది. నరం దొరక్క ఆలస్యమైతే పట్టీ విప్పి మళ్లీ కట్టమని మా వాళ్లని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

రిపోర్టులో ఎల్‌డీఎల్ చాలా చోట్ల నేరుగా కొలిచింది కాదు, లెక్కకట్టింది. మొత్తం కొలెస్ట్రాల్లోంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు కూడా తీసేస్తే వచ్చేది అది. పిన్ని మొదటి రిపోర్టులో మొత్తం 246, హెచ్‌డీఎల్ 41, ట్రైగ్లిజరైడ్లు 215. 215లో ఐదో వంతు 43. 246లోంచి 41, 43 తీసేస్తే 162. ఇంట్లో మీరే ఈ లెక్క వేసి చూసుకోవచ్చు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మాత్రం ఈ లెక్క చెల్లదు, నేరుగా కొలవమని అడగాలి. రెండు వారాల తర్వాత పిన్నికి మొత్తం 238, హెచ్‌డీఎల్ 44, ట్రైగ్లిజరైడ్లు 195, ఎల్‌డీఎల్ 155 వచ్చాయి. అప్పటికింకా వెల్లుల్లి రెబ్బ ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు, ఏడు తగ్గింది చూశారా? రెండిటి సగటు 158.5, అర వదిలేసి 158 అనుకుందాం. మన మొదటి గీత అదీ.

వెల్లుల్లిని ఎలా తినాలి

ఎదురింటావిడ చెప్పినట్టు రెబ్బ మింగితే ఉపయోగం తక్కువ. వెల్లుల్లిలో మనకు కావలసిన అల్లిసిన్ రెబ్బలో తయారుగా ఉండదు. అల్లిన్ అనే పదార్థం ఒక గదిలో, దాన్ని మార్చే ఎంజైము పక్క గదిలో ఉంటాయి. నలిపినప్పుడు గోడలు పగిలి రెండూ కలిస్తేనే అల్లిసిన్ పుడుతుంది. ఆ ఘాటు వాసన దాని గుర్తే. నలపని రెబ్బకు వాసన అంతగా ఉండకపోవడం మీరు గమనించే ఉంటారు. వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. కాబట్టి పోపులో ఎర్రగా వేయించిన రెబ్బ, నిప్పుల మీద కాల్చిన రెబ్బ రుచికి బాగుంటాయి కానీ ఈ ప్రయోగానికి పనికిరావు.

రోజుకి నాలుగు గ్రాములు పెట్టుకోండి. సంతలో దొరికే నాటు వెల్లుల్లి రెబ్బలు చిన్నవి, మూడు నాలుగు కలిస్తేగానీ నాలుగు గ్రాములు కావు. పెద్ద గడ్డల రెబ్బ అయితే ఒక్కటి చాలు. బంగారం కొట్లో తూచి ఇచ్చేంత సూక్ష్మం అక్కర్లేదు, కానీ రోజూ ఒకే రకం, ఒకే సైజు వాడండి. మొలక వచ్చినవి, మెత్తబడినవి పక్కన పెట్టండి.

పొట్టు తీసి, రోట్లో రెండు పోట్లు వేసి నలిపి, గిన్నెలో పది నిమిషాలు వదిలేయండి. ఈ పది నిమిషాలే మిగతా పని చేస్తాయి. పిన్ని అన్నం వార్చే ముందు నలిపి పెట్టి, కూర దించేసరికి సమయం అయిపోయేలా అలవాటు చేసుకుంది. తర్వాత పచ్చిగానే మొదటి ముద్దలో కలుపుకుని తినేసేది. ఎండాకాలం చద్దన్నంలోనో, పఖాళలోనో కలిపినా బాగుంటుంది. వేడి వేడి పులుసులో వేయకండి, దించి కొంచెం చల్లారిన తర్వాత వేయండి. పరగడుపునే తినాలన్న నియమం ఏమీ లేదు. కడుపులో మంట ఉన్నవాళ్లకు పరగడుపు వెల్లుల్లి చెడుపే చేస్తుంది. పిన్నికి మొదటి నాలుగు రోజులు గుండెల్లో మంట వచ్చింది. భోజనంలోకి మార్చాక పోయింది.

వారానికి సరిపడా ఒకేసారి నలిపి నూనెలో పోసి పెట్టుకుందామని పిన్ని అడిగింది. అది ఒప్పుకోకండి. పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి బయట ఉంచితే గాలి తగలని చోట పెరిగే బొటులిజం క్రిమి విషం తయారుచేయగలదు. దానికి వాసన రాదు, రంగు మారదు. కొద్ది మొత్తంలోనే ప్రాణం మీదికి వస్తుంది. ఏ రోజుది ఆ రోజే నలపండి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు రోజూ పచ్చి వెల్లుల్లి మొదలుపెట్టే ముందు తప్పకుండా డాక్టరుకి చెప్పాలి. వెల్లుల్లి కూడా రక్తం గడ్డకట్టడాన్ని కొంత ఆలస్యం చేస్తుంది. చిగుళ్లలోంచి రక్తం రావడం, చిన్న దెబ్బకే కమిలిపోవడం కనిపిస్తే ఆపేయండి.

ఉసిరి కాలంలో మొదలుపెట్టేవాళ్లు

కార్తీకం నుంచి మాఘం దాకా కొండల మీది సవరలు సంతకి తెచ్చే కాయ దొరుకుతుంది. ఒడియా వాళ్లు అంళా అనేది దీన్నే. గుండ్రంగా, గట్టిగా, లోపల ఒకే గింజతో ఉండే పెద్ద ఉసిరే కావాలి. పలకలు పలకలుగా, మెత్తగా, పసుపు పచ్చగా గుత్తులు కాసే పుల్ల ఉసిరి వేరే చెట్టుది. అధ్యయనాలు దాని మీద చేసినవి కావు.

రోజుకి ఒకటి రెండు కాయలు గింజ తీసి, దంచి, ఉప్పూ పంచదారా లేకుండా భోజనంతో తినండి. పచ్చడి పెట్టిన ఉసిరిలో నూనె, ఉప్పు ఎక్కువ. మురబ్బా అంటే పంచదార పాకమే. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ ఉన్నవాళ్లకు అది ఎదురు తిరుగుతుంది. ఎండబెట్టిన పొడి అయితే ఒక చిన్న చెంచా, సుమారు మూడు గ్రాములు, మజ్జిగలో కలుపుకోండి. షుగర్ బిళ్లలు వేసుకునేవాళ్లకు షుగరు ఇంకొంచెం తగ్గొచ్చు, మొదటి వారాల్లో చూసుకుంటూ ఉండండి.

పన్నెండు వారాలు ఏం రాసుకోవాలి

వంటింటి క్యాలెండరు మీద తిన్న రోజున ఒక చుక్క పెట్టండి. అది కాక ఇంకేం మారినా ఒక్క మాట రాయండి. వంటనూనె మార్చారా, రోజూ నడక మొదలుపెట్టారా, బరువు తగ్గారా, ఊరెళ్లి పెళ్లి భోజనాలు తిన్నారా, కొత్త బిళ్ల ఏదైనా మొదలైందా అనేవన్నీ రాయండి. ఇలా రాయకపోతే చివర్లో ఘనత ఎవరిదో తేలదు. పన్నెండు వారాలు ఎందుకంటే, 2013 లెక్కలో రెండు నెలలు దాటినవాళ్లకే తేడా కనిపించింది. మధ్యలో నెలకొకసారి పరీక్ష చేయించి కంగారు పడొద్దు.

చివర్లో కూడా మళ్లీ రెండు పరీక్షలు, వారం తేడాతో, అదే ల్యాబులో. సగటు తీసి మొదటి సగటుతో పోల్చండి. తేడా పది శాతం లోపు ఉంటే ఏం జరిగిందో చెప్పలేమనే రాసుకోండి. పదిహేను శాతం దాటితే నిజంగా ఏదో మారింది. అది వెల్లుల్లి వల్లా, మీరు క్యాలెండరు మీద రాసిన ఇంకో మార్పు వల్లా అన్నది తర్వాతి ప్రశ్న.

పిన్ని చివరి అంకెలు

పన్నెండు వారాల తర్వాత తీసిన మొదటి రిపోర్టులో మొత్తం 221, హెచ్‌డీఎల్ 45, ట్రైగ్లిజరైడ్లు 160, ఎల్‌డీఎల్ 144. పిన్ని ఫోన్లో సంబరపడిపోయింది. వారం తర్వాత రెండోది మొత్తం 227, హెచ్‌డీఎల్ 44, ట్రైగ్లిజరైడ్లు 165, ఎల్‌డీఎల్ 150. సగటు 147. అంటే 158 నుంచి 11 దిగింది, ఏడు శాతం.

ఒక్క మొదటి రిపోర్టు, ఒక్క చివరి రిపోర్టు మాత్రమే పోల్చి ఉంటే 162 నుంచి 144కి, 18 తగ్గిందని ఊరంతా చెప్పుకునేవాళ్లం. సగటు తీస్తే అది 11కి వచ్చింది. ఆ తర్వాత క్యాలెండరు చూశాను. ఎనభై నాలుగు రోజుల్లో డెబ్బై ఆరు చుక్కలు ఉన్నాయి, పిన్ని నిష్ఠగానే చేసింది. కానీ నాలుగో వారంలో ఒక మూల పెన్సిలుతో, "బరా మానేశాను" అని రాసి ఉంది. సాయంత్రం వీధి చివర బండి దగ్గర పామోలిన్‌లో వేయించిన బరా, ఆలూచాప్ తెప్పించుకోవడం ఆవిడకి ఏళ్ల నాటి అలవాటు. వెల్లుల్లి తింటున్నాను కదా, ఇది కూడా మానేద్దామనుకుని మానేసింది. మంచి పనే చేసింది. కానీ ట్రైగ్లిజరైడ్లు 205 సగటు నుంచి సుమారు 162కి రావడంలో వెల్లుల్లి కంటే ఆ బరాదే పెద్ద చెయ్యి అని నేను అనుకుంటాను. ఎల్‌డీఎల్‌లో దిగిన ఆ 11 ఎవరిదో చెప్పడం నా వల్ల కాదు.

డాక్టరు గారికి నాలుగు రిపోర్టులూ, క్యాలెండరు కాగితమూ చూపించాం. 2024లో భారత హృద్రోగ వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో, ప్రమాదం తక్కువగా ఉన్నవాళ్లకు కూడా ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలని ఉంది. ప్రమాదం ఎక్కువ ఉంటే 70 లోపు, మరీ ఎక్కువ ఉంటే 55 లోపు. పిన్ని ఇంకా 147 దగ్గర ఉంది. పిన్ని వాళ్ల నాన్నగారు యాభై రెండేళ్లకే గుండెపోటుతో పోయారన్న సంగతి కూడా అప్పుడు బయటికి వచ్చింది. అంతకుముందు ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే మొదటి రోజే చెప్పండి. మాకు అది ముందే తెలిసి ఉంటే నేను ఈ మూడు నెలల ప్రయోగానికి ఒప్పుకుని ఉండేవాణ్ని కాదు.

డాక్టరు గారు అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు రాశారు. బిళ్ల మొదలెడితే జన్మంతా వేసుకోవాలని, కాలేయం పాడవుతుందని పిన్ని వారం రోజులు భయపడింది. ముందు లివర్ పరీక్ష చేయించి, బాగానే ఉందని చూపించాక మొదలుపెట్టింది. ఒళ్లు నొప్పులు విపరీతంగా వచ్చినా, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా వెంటనే చెప్పమన్నారు. ఆరు వారాలకు మొత్తం 172, హెచ్‌డీఎల్ 45, ట్రైగ్లిజరైడ్లు 140, ఎల్‌డీఎల్ 99. మూడు నెలల వెల్లుల్లి, బరా మానేయడం కలిసి 11 దించితే, ఆరు వారాల బిళ్ల 48 దించింది.

వెల్లుల్లి మాత్రం ఆవిడ మానలేదు. ముద్దలో ఆ ఘాటు లేకపోతే ఇప్పుడు అన్నం సయించడం లేదట. తినమనే చెప్పాను. వచ్చే నెలలో ఆవిడ దవడ పన్ను తీయించుకోవాలి. దానికి వారం ముందు నుంచి పచ్చి వెల్లుల్లి ఆపమని, తీసే డాక్టరుకి ఈ అలవాటు సంగతి ముందే చెప్పమని క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాసి వచ్చాను.